గుర్రం మీద నిద్రొచ్చింది

రాత్రి పదిన్నర. టీవీలో ఆర్థర్ మోర్గన్ గుర్రం మీద కొండదారిలో పోతున్నాడు. పక్కనే ముసలి హోసియా ఏవో పాత కబుర్లు చెబుతున్నాడు. సాయంత్రపు ఎండ చెట్ల సందుల్లోంచి దారి మీద పడుతోంది. బొమ్మ అద్భుతంగా ఉంది, మాటలు బాగున్నాయి. నా బొటనవేలు మాత్రం ఒకే బటన్‌ను లయగా నొక్కుతూ, నొక్కుతూ ఆగిపోయింది. కళ్ళు తెరిచేసరికి గుర్రం ఒక చెట్టు పక్కన నిలబడి ఉంది. తెర మీద మిషన్ విఫలమైందన్న మాట. హోసియాను వదిలేసి వెనకబడిపోయానట.

ఆ ఆట పేరు రెడ్ డెడ్ రిడంప్షన్ 2. రాక్‌స్టార్ సంస్థ 2018 అక్టోబరులో విడుదల చేసింది, ఏడాది తర్వాత కంప్యూటర్‌కూ వచ్చింది. 6 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. విమర్శకుల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్‌లో దానికి 97 ఉంది. 1899 నాటి అమెరికాలో, దోపిడీ ముఠాల కాలం ముగిసిపోతున్న రోజుల్లో, ఒక ముఠా మనిషి కథ. ఆడిన స్నేహితులందరూ చివర్లో ఏడ్చామని చెప్పారు. నేను మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మానేశాను. లోపం నాలోనే ఉందనుకున్నాను. తర్వాత ఆటలోనే ఉందనుకున్నాను. రెండూ తప్పేనని తెలియడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో ఏం చేశానో చెబుతాను, ఎందుకంటే ఇలాంటి విసుగుతో నాకు తెలిసిన చాలామంది చేసేది నేను మొదట చేసిన పొరపాటే. ఆ ఆట నచ్చలేదని దాని లాంటిదే ఇంకోటి కొన్నాను. గుర్రానికి బదులు పడవ, అంతే తేడా. అదీ వారానికే మూలన పడింది.

విసుగు అనేది జ్వరం లాంటిది. జ్వరం వచ్చిందని చెబితే డాక్టరు వెంటనే మందు రాయడు కదా. ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, చలి ఉందా, దగ్గు ఉందా అని అడుగుతాడు. ఆట విషయంలో ఆ ప్రశ్నలు మనకు మనమే వేసుకోవాలి.

మొదటి ప్రశ్న ఆట గురించి కాదు, మన గురించి. ఆఫీసు నుంచి వచ్చి, తిని, అందరూ పడుకున్నాక పదింటికి కంట్రోలర్ పట్టుకునేవాణ్ణి. అలసటను విసుగు అనుకుంటున్నానేమో చూడాలి. దీనికి తేలికైన పరీక్ష ఉంది. మనకు బాగా ఇష్టమైన పాత ఆట ఏదైనా అదే గంటకు, అదే సోఫాలో అరగంట ఆడటం. అది కూడా చప్పగా అనిపిస్తే కావాల్సింది కొత్త ఆట కాదు, నిద్ర. నేను పాత చదరంగం యాప్ తీశాను. పదకొండున్నర దాకా నిద్ర గుర్తుకు రాలేదు. కాబట్టి అలసట కాదు.

రెండోది చేతికి సంబంధించినది. ఆర్థర్ నడక బరువుగా ఉంటుంది. బటన్ నొక్కాక అతను కదలడానికి ఒక క్షణం పడుతుంది. ఇది ఆట తయారుచేసినవాళ్ళు కావాలని పెట్టిన బరువు, మనిషికి శరీరం ఉందనిపించడం కోసం. అయితే దానికి మన టీవీ కూడా కొంత ఆలస్యం కలుపుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. మామూలు సినిమా సెట్టింగుల్లో టీవీ ప్రతి బొమ్మనూ మెరుగుదిద్ది చూపిస్తుంది, ఆ పనికి సమయం పడుతుంది. గేమ్ మోడ్ పెడితే ఆ మెరుగులు ఆగిపోయి ఆలస్యం తగ్గుతుంది. నేను పెట్టాను. తేడా వెంటనే తెలిసింది, తుపాకీ గురి చేతికి వచ్చింది. విసుగు మాత్రం తగ్గలేదు. అయినా ఈ మెట్టు దాటకుండా ముందుకు పోకూడదు. చెయ్యి చిరాకుపడుతుంటే బుర్ర ఆటను తిడుతుంది, అసలు కారణం ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

మూడోది తొందరపాటు. ఈ ఆట మొదటి అధ్యాయం మంచుకొండల్లో జరుగుతుంది. ముఠా పోలీసులను తప్పించుకుని కోల్టర్ అనే పాడుబడ్డ ఊళ్ళో తలదాచుకుంటుంది. దాదాపు రెండు గంటలు మంచులో మెల్లగా నడవడం, చెప్పిన చోటికి పోవడం. అసలు ప్రపంచం తెరుచుకునేది రెండో అధ్యాయంలో, హార్స్‌షూ ఓవర్‌లుక్ అనే చోట గుడారాలు వేశాక. స్టీమ్‌లో కొన్న ఆటను 14 రోజుల లోపు, 2 గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఈ ఆటలో మంచు కరిగేసరికి ఆ 2 గంటలూ అయిపోతాయి. అంటే ఆ గడువు లోపల మనం చూసింది వాకిలి, ఇల్లు కాదు. నా మొదటి ప్రయత్నం ఆగింది ఆ మంచులోనే. అది లెక్కలోకి రాదు. మూడోసారి మాత్రం రెండో అధ్యాయంలో పది గంటలు ఉన్నాను, తీర్పు చెప్పడానికి అది చాలు.

అప్పుడు ఒక కాగితం తీసుకున్నాను.

మొదట్లో చెప్పిన హోసియా మిషన్‌నే మళ్ళీ ఆడాను, ఈసారి ఫోన్‌లో గడియారం పెట్టుకుని. మిషన్ ఇలా సాగుతుంది. గుడారాల దగ్గర నుంచి హోసియాతో కలిసి వాలెంటైన్ అనే ఊరికి స్వారీ. అక్కడి గుర్రపుశాలలో ఒక పెద్ద గుర్రాన్ని అమ్మి, మనకో గుర్రం కొనుక్కోవడం. ఆ తర్వాత కొండల్లోని చెరువు దాకా పొడుగాటి స్వారీ, దారంతా కబుర్లు. రాత్రి మంట వేసుకుని పడుకోవడం. పొద్దున్నే ఎలుగుబంటి జాడలు వెతకడం, ఎర పెట్టడం, దూరంగా కాచుకోవడం. చివరికి ఎలుగుబంటి మన మీదకు వస్తుంది, మనం ఏం చేసినా వస్తుంది. అది అలా రాసిపెట్టిన ఘట్టం.

కాగితం మీద రెండే గళ్ళు గీశాను. ఒకదాంట్లో, నా చేతులు ఏం చేస్తున్నాయి. ఇంకోదాంట్లో, నా బుర్ర ఏం తేల్చుకోవాల్సి వచ్చింది. మొదటి గడి నిండిపోయింది. స్వారీ, స్వారీ, చూడటం, స్వారీ, జాడ వెంట నడక, బటన్ పట్టుకోవడం. సగానికి పైగా సమయం గుర్రం మీదే. రెండో గడిలో మొత్తం ముక్కాలు గంటకు మూడే మూడు రాతలు పడ్డాయి. ఏ గుర్రం కొనాలి. ఎలుగుబంటి మీదకు వస్తే కాల్చాలా, ఆగాలా. అంతా అయ్యాక అక్కడే ఉండి దాన్ని వేటాడాలా, హోసియాతో గుడారాలకు తిరిగి పోవాలా.

ఆ రెండో గడిని చూస్తే నాకు సగం అర్థమైంది. మిగతా సగం కోసం మరుసటి రోజు ఇంకో ప్రయోగం చేశాను. మిషన్ ఒక్కటీ ముట్టుకోకుండా ఒక పూట మొత్తం ఊరికే తిరగడం. మూల మీద కనిపించే చిన్న పటాన్ని కూడా తీసేశాను, అది ఉంటే కళ్ళు దారి మీద కాక ఎర్రగీత మీదే ఉంటాయి. ఇలాంటి పెద్ద మైదానం ఉన్న ఆటలన్నిటికీ ఈ ప్రయోగం పనికొస్తుంది. మిషన్‌లో విసుగు, తిరిగేటప్పుడు హుషారు అయితే మనకు గిట్టనిది చెప్పినట్టు చెయ్యమనడం. తిరిగేటప్పుడు విసుగు, మిషన్‌లో హుషారు అయితే మనకు గిట్టనిది ఆ విశాలమే, కథ ఒక్కటే చాలు. రెండుచోట్లా విసుగే అయితే కారణం ఇంకా లోపల ఉంది.

నాకు రెండుచోట్లా విసుగే. తిరగడం మొదట ఇరవై నిమిషాలు హాయిగా ఉంది. జింకను కొట్టాను. ఆర్థర్ మోకాలి మీద కూర్చుని, కత్తి తీసి, తోలు ఒలిచి, భుజాన వేసుకుని, గుర్రం దాకా నడిచి, వెనకాల కట్టాడు. మొదటిసారి చూస్తే ఒళ్ళు జలదరించింది. ఐదోసారికి ఎదురుచూపు అయింది. ఇంట్లో సొరుగులు వెతికినా అంతే, ప్రతి సొరుగునూ చేత్తో లాగి, సీసాను తీసి, సంచిలో పెట్టాలి. వేరే ఆటల్లో అరక్షణంలో అయిపోయే పని ఇక్కడ ఒక దృశ్యం. ఆ నిదానంలోనే ఈ ఆట ప్రాణం ఉంది. అది నచ్చినవాళ్ళు అందుకే ఆర్థర్‌ను సొంత మనిషిలా చూసుకుంటారు, అతని గడ్డం పెరిగితే గీసుకుంటారు, తుపాకీ తుడుచుకుంటారు, గుర్రానికి పేరు పెడతారు. వాళ్ళ ఇష్టంలో నాకు ఏ సందేహమూ లేదు. వాళ్ళు అక్కడ బతుకుతున్నారు. నేను బతకడానికి రాలేదు.

మరి దేనికి వచ్చాను? జవాబు అదే రోజు, అనుకోకుండా దొరికింది. వాలెంటైన్ సెలూన్‌లో ఒక మూల పేకాట బల్ల ఉంటుంది, పోకర్ ఆడతారు. గుర్రానికి మేత కొందామని ఊళ్ళోకి పోయి, ఒక్క ఆట ఆడి చూద్దామని కూర్చున్నాను. లేచేసరికి గంట దాటింది. ఆ గంటలో నేను గడియారం చూడలేదు. కాగితం కూడా రాయలేదు. తర్వాత గుర్తు తెచ్చుకుని రెండో గడిలో రాద్దామంటే చోటు చాలలేదు. ప్రతి అరనిమిషానికీ ఏదో ఒకటి తేల్చుకున్నాను. ఉండాలా, దిగాలా, ఎంత పెంచాలి, ఎదుటివాడు నిజంగానే గట్టిగా ఉన్నాడా.

నా మటుకు నాకు రోగనిర్ధారణలో ఇదే అన్నిటికంటే పెద్ద ఆధారం. విసిగించిన ఆటలోనే ఏదో ఒక మూల మనం టైము మరిచిపోయిన చోటు ఉంటుంది. అది చిన్నది కావచ్చు, ఆటకు సంబంధం లేనిదీ కావచ్చు. చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు, అది అసలు ఆట కాదు కదా అని. ఒకరికి అది గుడారాల దగ్గర మంట చుట్టూ ముఠావాళ్ళ మాటలు వినడం కావచ్చు, ఇంకొకరికి పటం మీద పేరు లేని గుడిసెను కనుక్కోవడం కావచ్చు. ఆ చోటే మన రుచి.

ఈ రుచులకు పేర్లు పెట్టే ప్రయత్నం పండితులు కూడా చేశారు. 2004లో రాబిన్ హనికే, మార్క్ లెబ్లాంక్, రాబర్ట్ జుబెక్ అనే ముగ్గురు ఒక పత్రం రాశారు. సరదాగా ఉంది, బాగుంది అన్న మాటలు వదిలేసి, ఆట ఇచ్చే ఆనందాలను విడివిడిగా చూడమన్నారు, ఎనిమిది చెప్పారు. ఇంకో మనిషిలా బతకడం ఒకటి. కథ ఒకటి. సవాలు ఒకటి. తెలియనిది కనుక్కోవడం ఒకటి. నలుగురితో కలవడం, తనను తాను చూపుకోవడం, కంటికీ చెవికీ ఇంపు, ఊరికే కాలక్షేపం మిగతావి. జాబితా ఇంతటితో పూర్తయిందని వాళ్ళు కూడా అనలేదు. నాకు పనికొచ్చింది జాబితా కాదు, దాని వెనకున్న మాట. ఒక ఆట ఎనిమిదీ సమానంగా పెట్టలేదు. ఆర్థర్ కథలో మొదటి రెండూ నిండా ఉన్నాయి, సవాలు చిటికెడు. 97 మార్కులు ఆ వంటకు వేసినవి. మనకు ఆకలి దేని మీద ఉందో ఆ మార్కు చెప్పదు.

నా ఆకలి ఎక్కడిదో ఆలోచిస్తే చిన్నప్పటి అరుగు గుర్తొచ్చింది. సెలవుల్లో మా తాతయ్య ఇంటి అరుగు మీద బొగ్గుతో గీసిన పులి–మేక బల్ల ఉండేది. 3 పులులు, 15 మేకలు. చింతగింజలు మేకలు, గులకరాళ్ళు పులులు. పక్కనే అష్టాచమ్మా ఆడేవాళ్ళు, గవ్వలు పడగానే కేకలు, నవ్వులు. నేను అటు పోయేవాణ్ణి కాదు. గవ్వ ఎలా పడుతుందో మన చేతుల్లో లేదు. పులి–మేకలో అన్నీ కళ్ళ ముందే ఉంటాయి, దాపరికం లేదు, అదృష్టం లేదు. పులి ఎక్కడికి దూకగలదో కనిపిస్తూనే ఉంటుంది, ఏ మేకను వదులుకుని ఏ దారి మూయాలో తేల్చుకోవాలి. తాతయ్య పులులు కదలకుండా ఇరుక్కున్న రోజున నాకు అన్నం కూడా అక్కర్లేదు. పోకర్‌లో అదృష్టం ఉంది, నిజమే. కానీ అక్కడా నన్ను కూర్చోబెట్టింది ముక్కలు కాదు, తేల్చుకోవడం.

ఇక వెతుకులాట తేలికైంది. కౌబాయ్ ఆటలు కాదు, పెద్ద మైదానాలు కాదు. నిమిషానికి ఎన్నిసార్లు తేల్చుకోవాల్సి వస్తుంది, తేల్చుకున్నదానికి ఫలితం కనిపిస్తుందా, ఈ రెండే. ఒక ఆట అలాంటిదా కాదా అని కొనకముందే తెలుసుకోవడానికి ట్రైలర్ పనికిరాదు, అది సినిమా. నేను చేసేది ఏంటంటే, ఎవరైనా మాట్లాడకుండా ఆడుతూ రికార్డు చేసిన వీడియో తీసుకుని, మొదలూ చివరా కాకుండా నడుమ నుంచి ఇరవై నిమిషాలు చూస్తాను. చూస్తూ ఆ మనిషి స్థానంలో నేనుంటే ఇప్పుడు ఏం చేస్తాను అనుకుంటాను. ఆ ప్రశ్న నాలో పుట్టకపోతే ఆ ఆట నాది కాదు. స్టీమ్‌లో సమీక్షలను ఎన్ని గంటలు ఆడారన్నదాన్ని బట్టి వడపోసుకోవచ్చు. చాలా గంటలు ఆడి కూడా బాగాలేదన్నవాళ్ళవి నేను ముందు చదువుతాను. వాళ్ళు తిట్టేది మనకు ఇష్టమైనదే అయితే అంతకంటే మంచి సిఫారసు ఉండదు. కథ లేదు, బొమ్మ చిన్నది, ప్రతి అడుగూ లెక్కపెట్టుకోవాలి, బుర్ర వేడెక్కుతుంది అని ఒక ఆట గురించి ఎవరో విసుక్కున్నారు. వెంటనే కొన్నాను.

దాని పేరు ఇన్‌టు ది బ్రీచ్. సబ్‌సెట్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2018లోనే తెచ్చింది, ఆర్థర్ వచ్చిన ఏడాదే. 8 గళ్ళు పొడుగు, 8 గళ్ళు వెడల్పు ఉన్న బల్ల, చదరంగం అంతే. మనవి 3 యంత్రాలు, ఎదురుగా భూమిలోంచి వచ్చే పెద్ద పురుగులు, నడుమ మనుషులుండే భవనాలు. ముందు పురుగులు కదిలి, ఎవరు ఎక్కడ కొట్టబోతున్నారో గురిపెట్టి చూపిస్తాయి. ఏ వరుసలో కొడతాయో కూడా చూడొచ్చు. ఆ తర్వాత మన వంతు. మన పని అయ్యాక అవి చెప్పినట్టే కొడతాయి. మన పులి ఎక్కడ దూకుతుందో ముందే చెప్పినట్టు.

ఒక వంతు చూడండి. ఎడమ పక్కన నిప్పు ఉమ్మే పురుగు ఒకటి. అది తిన్నగా ఒక వరుసలో ఉమ్ముతుంది, ఆ వరుస చివర ఒక భవనం ఉంది. దాని పక్క వరుసలో, నాలుగు గళ్ళ అవతల ఇంకో పురుగు, అది వేరే భవనం మీద పంజా ఎత్తి ఉంది. నా దగ్గర చేరువలో ఉన్నది ఒక్క యంత్రమే. దాని పిడిగుద్దుకు ఏ పురుగూ చావదు. రెండు భవనాల్లో ఒకటి పోవాల్సిందే అనిపిస్తుంది. కానీ ఆ గుద్దు దెబ్బ వేయడమే కాదు, తగిలినదాన్ని ఒక గడి వెనక్కి నెడుతుంది కూడా. నెట్టినా పురుగు ఉమ్మే దిక్కు మారదు. కాబట్టి నిప్పు పురుగును పక్క వరుసలోకి నెడితే, అది అదే దిక్కుకు ఉమ్ముతుంది, ఆ నిప్పు ఇప్పుడు వెళ్ళి తగిలేది రెండో పురుగుకు. రెండోది అప్పటికే దెబ్బ తిని ఉంది, పంజా దించేలోపే చచ్చింది. ఒక్క గుద్దుతో రెండు భవనాలు నిలిచాయి. ఇది కనిపెట్టడానికి నాకు ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాల్లో తెర మీద ఏదీ కదల్లేదు. గుర్రం మీద నిద్రపోయిన మనిషినే నేను, సోఫా అంచుకు జరిగి కూర్చున్నాను.

దీనికీ హద్దులున్నాయి. కథ నామమాత్రం. ఒక యుద్ధం పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ పొద్దుపోతుంది. భవనాలకు దెబ్బ తగిలినకొద్దీ విద్యుత్తు తగ్గుతుంది, అది సున్నాకు వస్తే మొత్తం పోయినట్టే, మళ్ళీ మొదటి నుంచి. ఓడిపోవడం గిట్టనివాళ్ళకు ఇది శిక్ష. మరీ కొత్త కంప్యూటర్ అక్కర్లేదు, అదొక మేలు.

ఇక్కడితో ఆపితే, విసుగుకు మందు ఇన్‌టు ది బ్రీచ్ అని చెప్పినట్టవుతుంది. అది కాదు నేను చెప్పేది. అందుకే మా చెల్లెలి సంగతి కూడా చెప్పాలి.

తనూ అదే ఆటను అదే మాటతో వదిలేసింది. బోర్ అన్నయ్యా అంది. నేను నా మందే తనకిచ్చాను. పది నిమిషాలు ఆడి, "చదరంగం లెక్కలు చెయ్యడానికి నేనెందుకన్నయ్యా, ఆఫీసులో చేసేది చాలదా" అని లాప్‌టాప్ మూసేసింది. తప్పు నాదే. తన విసుగును తనను అడగకుండా నా విసుగే అనుకున్నాను. ఆ తర్వాత కూర్చోబెట్టి కాగితం ఇచ్చాను, అవే ప్రయోగాలు చేయించాను.

మిషన్లు లేని పూట తను మూడు గంటలు ఆడింది. పటం తీసేసింది. చిత్తడి నేలల్లో ఒక పాడుబడ్డ ఇంట్లో ఏదో ఉత్తరం చదివి, దాంట్లో చెప్పిన కొండను వెతుక్కుంటూ పోయింది. అన్నం తినమని పిలిస్తే వినపడలేదు. మరునాడు మిషన్ మొదలుపెట్టింది. దారిలో కుడివైపు పొగ కనిపిస్తే అటు తిప్పింది గుర్రాన్ని. తోటివాణ్ణి వదిలేశావని హెచ్చరిక, ఇంకాస్త పోగానే మిషన్ విఫలం. కంట్రోలర్ పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "ఊరంతా చూపిస్తామని పిలిచి, చెయ్యి వదలకుండా లాక్కుపోతే ఎలా అన్నయ్యా?"

తన రుచి కనుక్కోవడం. ఆ నిదానం తనకు అడ్డే కాదు. జింక తోలు ఒలుస్తుంటే ఇష్టంగా చూసింది. తనకు పడనిది, వెతకనివ్వకుండా చూపించడం. ఆట ఒకటే, మాట ఒకటే, రోగాలు రెండు.

తనకు దొరికింది అవుటర్ వైల్డ్స్. 2019లో మొబియస్ డిజిటల్ చేసింది. చిన్న సూర్యకుటుంబం, చెక్కముక్కలతో చేసినట్టుండే ఒక చిన్న వ్యోమనౌక. మొదట్లో మన ఊళ్ళోని వేధశాలకు పోయి నౌకను ఎగరేసే సంకేతం తీసుకోవాలి. ఆ తర్వాత ఇటు పో, అది చెయ్యి అనేవాళ్ళు ఎవరూ ఉండరు. ఏ గ్రహానికైనా పోవచ్చు. 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, మనం మళ్ళీ మంట పక్కన నిద్రలేస్తాం. ఈ ఆటలో మనకు కొత్త ఆయుధం రాదు, బలం పెరగదు. పెరిగేది మనకు తెలిసినది ఒక్కటే. ఎప్పుడో పోయిన ఒక జాతి గోడల మీద రాసిన మాటలు చదివి, వాళ్ళు ఇక్కడ ఏం చేశారో, సూర్యుడికి ఏమవుతోందో మనమే కూడగట్టుకోవాలి. నౌకలో ఉన్న కంప్యూటర్ మనం కనుక్కున్నవాటిని దారాలతో కలిపిన చీటీల్లా చూపిస్తుంది, ఏ చోట ఇంకా చూడాల్సింది మిగిలి ఉందో కూడా చెబుతుంది. అంతకుమించి చేయూత ఇవ్వదు.

ఇది కొనేవాళ్ళకు మూడు సంగతులు ముందే తెలియాలి. ఇంగ్లీషు చదవడం చాలా ఉంటుంది. నౌక నడపడం మొదటి గంట చిరాకు పెడుతుంది, ఎందుకంటే శూన్యంలో బ్రేకు లేదు, వచ్చిన వేగాన్ని ఎదురు వేగంతోనే చంపాలి. మూడోది, దీని గురించి ఎక్కడా ఏమీ చదవకూడదు. ఆట మొత్తం తెలుసుకోవడమే కాబట్టి, జవాబు ఒకసారి చదివేస్తే అది మళ్ళీ మనకు దొరకదు. అందుకే నేను చెప్పింది కూడా మొదటి అరగంటలో అందరికీ తెలిసేదే. వీడియో నడుమ నుంచి ఇరవై నిమిషాలు చూడమన్న నా సలహా ఈ ఒక్క తరహా ఆటలకు పనికిరాదు. మొదటి పదిహేను నిమిషాలే చూసి ఆపాలి.

నేను కూడా తన పక్కన కూర్చుని కాసేపు ప్రయత్నించాను. నౌక గిరగిర తిరిగి తల తిరిగింది, ఒక గ్రహాన్ని గుద్దుకున్నాను, దిగి చూస్తే చుట్టూ చీకటి. ఇప్పుడు నేను ఏం తేల్చుకోవాలి అన్నాను. "ఏమీ తేల్చుకోనక్కర్లేదు, అటు చూడు, ఆ వెలుగేంటి?" అంది తను, నా చేతిలోంచి కంట్రోలర్ తీసుకుంటూ.

ఆర్థర్ ఇంకా నా కంప్యూటర్‌లోనే ఉన్నాడు. తీసెయ్యలేదు. అప్పుడప్పుడూ ఆదివారం పొద్దున ఆట తెరిచి, పటం మీద వాలెంటైన్‌కు గుర్తు పెట్టి, సినిమా కెమెరా బటన్ నొక్కి పట్టుకుంటాను. అలా చేస్తే గుర్రం తనంతట తానే దారి పట్టుకుని పోతుంది, నేను ఈలోగా కాఫీ తాగుతాను. సెలూన్ ముందు దిగి, గుర్రాన్ని కట్టేసి, మూల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటాను.